మేకు కొట్టకుండా వరలక్ష్మీ వ్రతం: తిరుపతి అద్దె ఇంట్లో నా అనుభవం

2025 జూన్‌లో ఎమ్మార్ పల్లిలో రెండో అంతస్తు ఇంట్లో దిగాం. తాళాలు చేతికిస్తూ ఓనరు ఆంటీ చెప్పిన మొదటి మాట నీళ్ళ టైమింగ్ గురించి కాదు. "మేకు ఒక్కటి కూడా కొట్టొద్దు మా. ఇప్పుడే పెయింట్ ఏయించినాం. పోయినోళ్ళు టీవీకి, దేవుడి పటాలకి కొట్టి గోడంతా జల్లెడ చేసి పెట్టినారు." పెయింట్ పాడైతే అడ్వాన్సులో పట్టుకుంటామని అగ్రిమెంటులో కూడా రాశారు. సరేనన్నాను. జూలై మూడో వారంలో అత్తమ్మ ఫోన్ చేసి, ఈసారి వరలక్ష్మీ వ్రతం మీ ఇంట్లోనే, చిత్తూరు నుంచి మా చెల్లెళ్ళు కూడా వస్తారు అన్నప్పుడు టెన్షన్ మొదలైంది.

వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. కలశం వెనక పట్టుచీర తెర, పైన బంతిపూల దండలు, రెండు పక్కలా అరటి పిలకలు, గుమ్మానికి మామిడాకులు, సీరియల్ లైట్లు. ఇవన్నీ మా పుట్టింట్లో మేకుల మీదే వేలాడేవి. సొంత ఇల్లు కాబట్టి ఎవరూ అడగలేదు.

అతికించే హుక్కులు కొంటే సరిపోతుందని మా ఆయన అన్నారు. అదే అతికించి తీసేసే రకం, కింద చిన్న తోక ఉంటుంది, లాగితే సాగి ఊడొస్తుంది. కానీ పక్క వీధిలో ఉండే అక్క ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. ఆవిడ పోయిన సంక్రాంతికి గోడకు పారదర్శకంగా ఉండే జెల్ టేపు వేసి బొమ్మలు అంటించారు. తీసేటప్పుడు టేపుతో పాటు పెయింట్, దాని వెనక పుట్టీ కూడా అరచేతంత రేకుగా వచ్చేసింది. జిగురు మంచిదే, పెయింటే గోడను వదిలేసింది. చిక్కంతా అక్కడే ఉంది. హుక్కు ఎంత బరువు మోస్తుందో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ హుక్కు పట్టుకున్న పెయింట్ గోడను ఎంత గట్టిగా పట్టుకుందో ఎక్కడా రాసి ఉండదు.

అందుకని కొనడానికి ముందు గోడ చూశాను. అరచేతితో గట్టిగా రుద్దితే బెడ్‌రూమ్ గోడ నుంచి చేతికి తెల్లటి పొడి అంటింది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు రంగు కూడా వచ్చింది. అంటే డిస్టెంపర్. హాల్లో గోడ మాత్రం నున్నగా ఉంది, పొడి రాలేదు. ఆంటీని అడిగితే హాలుకు మాత్రం ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించామని చెప్పారు. "ఒక హుక్కు పెట్టి చూసుకుంటాను ఆంటీ, మీరే చోటు చూపించండి" అంటే ముందు ఒప్పుకోలేదు. కాసేపాగి, బీరువా వెనకాల అయితే కానివ్వు అన్నారు. ఈ అనుమతి అడగడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, తర్వాత ఏం జరిగినా మాట పడకుండా కాపాడింది అదే.

జూలై 27 ఆదివారం బెడ్‌రూమ్‌లో బీరువా వెనక ఒకటి, హాల్లో సోఫా వెనక కింద మూలలో ఒకటి అంటించాను. అట్ట మీద ఒక గంట ఆగి బరువు వేయమని ఉంటుంది. గంట ఆగి రెండిటికీ అరలీటరు నీళ్ళ సీసా కట్టి వదిలేశాను. బుధవారం సాయంత్రం తీశాను. హాల్లోది తోక పట్టుకుని కిందికి లాగితే మెల్లగా సాగి, చప్పుడు లేకుండా వచ్చేసింది, గోడ మీద ఆనవాలు లేదు. బెడ్‌రూమ్‌లోది అంతే మెల్లగా లాగాను. రెండు రూపాయల బిళ్ళంత రంగు పెచ్చు జిగురుకు అంటుకుని వచ్చింది. బీరువా వెనక కాబట్టి బతికిపోయాను. ఆ రోజుతో బెడ్‌రూమ్ గోడల మాట వదిలేశాం.

ఎమల్షన్ గోడ పరీక్ష పాసయింది కదా, అన్నీ దాని మీదే వేలాడదీద్దాం అని మా ఆయన. నేను ఒప్పుకోలేదు. దానికి కారణం బంతిపూలు. ముందు వారం పూల మార్కెట్లో ఐదు మూరల బంతి దండ ఒకటి కొని వంటింటి త్రాసులో పెట్టి చూశాను. పూలు వాడకుండా నీళ్ళు చల్లి ఇస్తారు కదా, కిలోన్నరకు కాస్త తక్కువ తూగింది. మీడియం సైజు హుక్కు మీద రాసి ఉండేది సుమారు 1.3 కిలోలు, అన్నిటికంటే చిన్నవాటి మీద పావుకిలో కూడా ఉండదు. పైగా దండ నిలకడగా వేలాడదు, గాలికి ఊగుతుంది, పిల్లలు లాగుతారు. ఇంకొకటి కూడా ఉంది. తడి బంతిపూలు గోడకు ఆనితే పసుపు నారింజ మరక పడుతుంది, లేత రంగు గోడ మీద అది పోదు. కాబట్టి బరువుండేవి, తడిగా ఉండేవి ఏవీ గోడకు తగలకూడదు, వాటికి నేల మీద నిలబడే ఫ్రేమే కావాలి అని తేల్చుకున్నాం.

రెడీమేడ్ మండపాల స్టాండ్లు అద్దెకు దొరుకుతాయి. కానీ శ్రావణ శుక్రవారానికి అందరికీ కావాలి, అడిగిన చోట అద్దె విని వెనక్కి వచ్చేశాం. ఆ డబ్బుతో పీవీసీ పైపులు కొనుక్కుని సొంతంగా చేసుకోవచ్చు అనిపించింది. మా వీధి చివర ప్లంబింగ్ సామాన్ల షాపులో ఒక పెద్దాయన ఉన్నారు. నేను కాగితం మీద గీసుకొచ్చిన బొమ్మ చూసి నవ్వి, "ఇది నిలబడదు మా, పడిపోతాది" అని తనే ఇంకో బొమ్మ గీశారు. ఆయన చెప్పింది పూర్తిగా రాస్తాను, ఎందుకంటే కష్టమంతా ఇక్కడే ఉంది.

వెడల్పు ఐదడుగులు, ఎత్తు ఆరడుగులు. ఒక అంగుళం పైపు, పదడుగులవి మూడు కొన్నాం. ఒక పైపును రెండు ఐదడుగుల ముక్కలు చేస్తే పైన ఒక అడ్డం, కింద ఒక అడ్డం. నిలువు పైపులు ఒక్కొక్కటి ఆరడుగులు, కానీ వాటిని కింద అర అడుగు దగ్గర కోసి మధ్యలో మూడు పైపులు కలిసే టీ జాయింటు ఒకటి పెట్టాలి, కింది అడ్డం దాన్లోకి వస్తుంది. నిలువు పైపు అడుగున ఇంకో టీ, దానికి ముందుకో పాదం, వెనక్కో పాదం. నా బొమ్మలో పాదాలు రెండూ సమానంగా ఉన్నాయి. ఆయన వెనక పాదం అర అడుగు, ముందు పాదం అడుగున్నర చేయమన్నారు. వెనక పాదం పొట్టిగా ఉంటే గోడకు దగ్గరగా నిలబడుతుంది, హాల్లో చోటు మిగులుతుంది, అయినా ఆ అర అడుగు వల్ల పూలు గోడకు తగలవు. ముందు పాదం ఎలాగూ పీట కింద గుడ్డలో దాగిపోతుంది. మొత్తం నాలుగు టీలు, పై మూలలకు రెండు ఎల్బోలు, పాదాల చివర నాలుగు ఎండ్ క్యాపులు. మూడు పైపుల్లో నాలుగడుగుల ముక్క ఒకటి మిగిలింది.

గమ్ముతో అతికించవద్దని ఆయన గట్టిగా చెప్పారు. అతికిస్తే మళ్ళీ విప్పలేం, ఇల్లు మారేటప్పుడు అటకెక్కించడానికి కుదరదు. ఊరికే దూర్చితే మాత్రం పాదాలు నిలువు పైపు చుట్టూ తిరిగిపోతాయి, షాపులోనే తిప్పి చూపించారు. అందుకే ప్రతి జాయింటుకు ఒక చిన్న స్క్రూ. ఇంటికొచ్చి నేను నంబర్లు కూడా రాసుకున్నాను, ఏ ముక్క ఎందులోకి వెళ్ళాలో తెలిసేలా. పైపులు, ఫిట్టింగులు, కోత, స్క్రూలు కలిపి ఏడు వందల రూపాయలయింది.

ఫ్రేమ్ ఆగస్టు 3 ఆదివారం ఇంట్లో నిలబెట్టాం. పై అడ్డానికి పట్టుచీర వేస్తే బానే ఉంది, ఆ పాత దండ కూడా వేస్తే పైపు నడుమ కిందికి వంగింది. ఐదడుగుల పైపు దానంతటది అంత గట్టిది కాదు. పాత బూజుకర్ర వెదురు ఒకటి కోసి పైపు లోపలికి దూర్చాం, వంగడం ఆగిపోయింది. తర్వాత ఫ్యాన్ వేశాం. చీర తెరచాపలా ఉబ్బి మొత్తం ఫ్రేమ్ ముందుకు జరిగింది! ఆ దృశ్యం చూశాక అత్తమ్మ ఫోనులో, దీపాలుంటాయి జాగ్రత్త అని పదిసార్లు అన్నారు. ఆవిడ భయం నిజమైనదే. గోడకు కొట్టిన తెర జరగదు, నిలబడే తెర జరుగుతుంది, దాని ముందు దీపం ఉంటుంది.

దానికి మూడు పనులు చేశాం. ఇసుక తెచ్చి ఎండబెట్టి పాదాల పైపుల్లో నింపి క్యాపులు పెట్టాం. అది చాలదు, పైపుల్లో పట్టే ఇసుక అంతా కలిపినా కిలోన్నర రాదు. రెండేసి కిలోల ఇసుకతో చిన్న గుడ్డసంచులు నాలుగు కుట్టి, ఒక్కో పక్క రెండేసి పాదాల మీద అడ్డంగా వేశాం. చీర కింది అంచును కింది అడ్డానికి చుట్టి బట్టల క్లిప్పులు పెట్టాం, గాలికి ఉబ్బదు. దీపాల కుందులు తెరకు రెండడుగుల ముందు, వెలుగుతున్నంతసేపు సీలింగ్ ఫ్యాన్ బంద్. ఆగస్టు ఉక్కలో ఫ్యాన్ లేకుండా పూజ చేయడం ఎలా ఉంటుందో తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు. టేబుల్ ఫ్యాన్ ఒకటి వంటింటి వైపు నుంచి, కూర్చున్న వాళ్ళ మీదికి మాత్రమే వచ్చేలా పెట్టాం.

సీరియల్ లైట్లకు మాత్రం అతికించే క్లిప్పులే వాడాను. వాటికి బరువు లేదు కదా. అంటించే ముందు గోడను సబ్బునీళ్ళతోనో, ఫినాయిల్ గుడ్డతోనో తుడవకూడదు, పొర మిగిలి జిగురు పట్టదు. స్పిరిట్‌తో తుడవాలి. మామయ్యకు షుగరు, ఇన్సులిన్ వేసుకునే ముందు తుడుచుకునే ఆల్కహాల్ స్వాబ్స్ ఆయన సంచిలో ఎప్పుడూ ఉంటాయి. ఆదివారం వచ్చినప్పుడు ఒక పది అడిగి తీసుకున్నాను, అవే వాడాను. ఒక్కో క్లిప్పు అంటించి అర నిమిషం నొక్కి పట్టుకోవాలి. లెక్కపెట్టుకుంటూ నొక్కితే అర నిమిషం ఎంత పొడుగో తెలుస్తుంది.

మంగళవారం రాత్రి వాన పడింది. బుధవారం సాయంత్రం క్లిప్పులన్నీ అంటించి, వైర్లు వేయకుండా రాత్రంతా వదిలేశాను. గురువారం పొద్దున్న చూస్తే పడమటి గోడ మీదివి రెండు కింద పడి ఉన్నాయి. వాటి మీద ఏ బరువూ లేదు. చెయ్యి పెట్టి చూస్తే ఆ గోడ చల్లగా ఉంది, బయటి నుంచి చెమ్మ లోపలికి దిగింది. అలాంటి చోట ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. ఆ వరుసను గోడ మీద నుంచి తీసేసి కిటికీ అద్దానికి, అల్యూమినియం ఫ్రేముకు మార్చాను. అద్దం మీద అంటినంత బాగా ఈ జిగురు ఇంకెక్కడా అంటదు. నిజానికి మొదటే అక్కడ వేసుంటే గోడతో పనే ఉండేది కాదు. వంటింటి టైల్స్ మీద కూడా బాగానే పట్టింది, స్టవ్ దగ్గర మాత్రం నూనె జిడ్డు వల్ల రెండు సార్లు తుడవాల్సి వచ్చింది.

గుమ్మం దగ్గర ఇంకో సమస్య. ద్వారబంధం టేకు, పాలిష్ చేసి ఉంది. పాలిష్ మీద హుక్కు అంటించడానికి నాకు ధైర్యం రాలేదు. స్ప్రింగు కర్టెన్ రాడ్ ఒకటి మూడున్నర వందలకు కొన్నాం. తిప్పితే పొడుగై రెండు పక్కలా బిగుసుకునే రకం. మామిడాకుల తోరణం కట్టి బిగిస్తే ఒక గంటకు ఒక పక్క జారింది, నున్నటి పాలిష్ కదా. రాడ్ చివర్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి పెడితే జారడం ఆగింది, కర్రకు గీత కూడా పడలేదు. బయట ఇనుప గ్రిల్ తలుపు ఉంది. దానికి బంతి దండలు పురికొసతో కట్టేశాం. ఇనుము ఉన్నచోట హుక్కు గురించి ఆలోచించడమే దండగ, దారం ఉంటే చాలు.

గురువారం సాయంత్రం రైతుబజారు దగ్గర అరటి పిలకలు కొన్నాం. జత నూట ఇరవై చెప్పారు, వందకు ఇచ్చారు. అరటి గురించి ఒక మాట ఖాయంగా తెలియాలి. కోసిన చోట నుంచి కారే జిగురు మొదట నీళ్ళలా ఉంటుంది, ఎండాక గోధుమరంగు మరకవుతుంది. బట్టకు పడినా, గోడకు పడినా దాదాపు శాశ్వతమే. నేను పిలకలను బయట బాల్కనీలో పాత గుడ్డ మీద రెండు గంటలు ఆరబెట్టి, మొదలు చుట్టూ ప్లాస్టిక్ కవరు కట్టి లోపలికి తెచ్చాను. ఖాళీ పెయింట్ బకెట్లలో ఇసుక సగానికి పైగా నింపి నిలబెట్టాం. పిలక ఐదున్నర అడుగులుంది, ఆకుల బరువంతా పైనే ఉంటుంది, బకెట్ ఒక్కటే ఆపలేదు. అందుకే ఫ్రేమ్ నిలువు పైపులకు రెండు చోట్ల పురికొసతో కట్టాం. ఆ బకెట్ల వల్ల ఫ్రేమ్ కూడా ఇంకాస్త గట్టిపడింది. బకెట్లకు పాత పట్టు అంచు చుట్టేసరికి పెయింట్ కంపెనీ పేరు కనబడకుండా పోయింది.

శుక్రవారం పూజ తొమ్మిదింటికల్లా మొదలైంది, తోరాలు కట్టుకుని, సాయంత్రం ముత్తయిదువలకు తాంబూలాలు ఇచ్చేదాకా ఏదీ కదల్లేదు. ఆ రోజు గురించి నేను పెద్దగా రాయను, అందరి ఇళ్ళలో జరిగేదే. అత్తమ్మ చెల్లెలు ఒకావిడ ఫ్రేమ్‌ను వెనక నుంచి వంగి చూసి, "ఇదేంది, నీళ్ళ పైపులా?" అని అడిగారు. తెల్ల పైపు పై అడ్డం మీద రెండు చోట్ల కనబడుతోంది మరి, అక్కడ దండ సరిపోలేదు. ఓనరు ఆంటీ వచ్చి ముందు గోడ చూసి తర్వాత అమ్మవారిని చూశారు.

శనివారం పొద్దున్న పునఃపూజ చేసి కలశం కదిపాక, ఆదివారం అన్నీ తీశాం. క్లిప్పులు తీసేటప్పుడు తొందర పనికిరాదు. తోకను గోడకు ఆనించి ఉంచి నిలువుగా కిందికి లాగాలి, మన వైపుకు లాగితే పెయింట్ వస్తుంది. జానెడు సాగితే గానీ వదలదు, అంతసేపు చేత్తో క్లిప్పును కూడా పట్టుకోవాలి, లేకపోతే ఎగిరి వేళ్ళకు తగులుతుంది. హాలు గోడ మీద ఒకదాని తోక మధ్యలో తెగింది. గుండె ఆగినంత పనైంది. హెయిర్ డ్రైయర్ గోరువెచ్చగా పెట్టి ఒక నిమిషం కాసి, కుట్టుమిషన్ దారం రెండు పేటలు చేసి జిగురు వెనక నుంచి రంపంలా అటూ ఇటూ లాగితే ఊడొచ్చింది. మిగిలిన జిగురును వేలితో రుద్దితే ఉండలుగా వచ్చేసింది. బాల్కనీ కిటికీ అద్దం మీద మిగిలిన జిడ్డుకు కొబ్బరినూనె రాశాను, అద్దం కాబట్టి. గోడకు నూనె రాస్తే అది ఇంకో మరక.

ఖర్చు లెక్క చూస్తే ఫ్రేమ్ ఏడు వందలు, రాడ్ మూడున్నర వందలు, క్లిప్పుల ప్యాకెట్లు కలిపి నాలుగు వందల చిల్లర. పూలు, పిలకలు ఎలాగూ కొనేవే. క్లిప్పుల వెనక జిగురు పట్టీలు ఒక్కసారికే, క్లిప్పులు మాత్రం దాచుకోవచ్చు, పట్టీలు విడిగా దొరుకుతాయి. ఫ్రేమ్ విప్పి, స్క్రూలన్నీ ఒక కవర్లో వేసి పైపుకే కట్టి మంచం కింద పెట్టాం.

అది అక్కడ ఎక్కువ రోజులు ఉండేలా లేదు. 27న వినాయక చవితి. అత్తమ్మ వాళ్ళ పుట్టిల్లు నెల్లూరు వైపు, వాళ్ళకు పాలవెల్లి లేకుండా చవితి లేదు. పాలవెల్లి అంటే పైకప్పు నుంచి కొక్కెం కావాలి, మా స్లాబుకు ఫ్యాన్ కొక్కెం తప్ప ఇంకేం లేదు. మళ్ళీ షాపు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మిగిలిన ఆ నాలుగడుగుల ముక్కను తెమ్మన్నారు. నిలువు పైపులను పై ఎల్బోకు అర అడుగు కింద కోసి చెరో టీ పెట్టి, ఆ ముక్క నుంచి అడుగుంబావు చొప్పున రెండు చేతులు ముందుకు వచ్చేలా చేస్తే పాలవెల్లిని నాలుగు మూలలా పురికొసతో వాటికి కట్టొచ్చు అన్నారు. చేతులు ముందు పాదం కంటే పొడుగ్గా ఉండకూడదు, ఉంటే పళ్ళ బరువుకు ముందుకు తూలుతుంది. అందుకే అడుగున్నర పాదానికి అడుగుంబావు చేయి. రెండు టీలు, రెండు క్యాపులు, కోతకు కలిపి అరవై రూపాయలు తీసుకున్నారు. కట్టి చూశాం. రెండు కిలోల పళ్ళు వేలాడదీసినా నిలబడింది, కానీ ఇసుక సంచులు ఈసారి వెనక పాదాల మీదికి మార్చాల్సి వచ్చింది.